రెండు ట్రాన్సిస్టర్ల అద్దంలో రెండు శాతం తరుగు

ఇంజినీరింగ్ కాలేజీ లాబుల్లో ఇప్పటికీ కనిపించే 741 ఆప్ ఆంప్‌ను 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లగార్ రూపొందించాడు. ఎనిమిది కాళ్ల ఆ చిప్ లోపలి బొమ్మను చూస్తే ట్రాన్సిస్టర్లు బారులు తీరి ఉంటాయి గానీ, వాటి కరెంట్లను నిర్ణయించే రెసిస్టర్ మాత్రం ప్రధానంగా ఒక్కటే. దాని విలువ 39 కిలో ఓమ్‌లు. ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల సరఫరా ఇస్తే దానిగుండా 0.73 మిల్లీ యాంపియర్ల కరెంట్ పారుతుంది. లోపలి విభాగాలన్నీ ఆ ఒక్క కరెంట్‌ను నకలు తీసుకుని, తమకు కావలసిన మోతాదులో వాడుకుంటాయి. నకలు తీసే ఆ చిన్న సర్క్యూట్ పేరు కరెంట్ మిర్రర్. అందులో ఉండేవి రెండే ట్రాన్సిస్టర్లు.

ఒక్కో విభాగానికి ఒక్కో రెసిస్టర్ పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. విడి భాగాలతో రేడియో కట్టుకునే రోజుల్లో అలాగే చేసేవారు, ఎందుకంటే అప్పుడు రెసిస్టర్ చవక, ట్రాన్సిస్టర్ ఖరీదు. సిలికాన్ చిప్ మీదికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. పెద్ద విలువ గల రెసిస్టర్‌కు చిప్ మీద చాలా చోటు కావాలి, పైగా దాని విలువ అనుకున్నదానికంటే ఇరవై శాతం అటూ ఇటూ పోవచ్చు. ట్రాన్సిస్టర్‌కు పట్టే చోటు తక్కువ. పక్కపక్కనే, ఒకే సిలికాన్ ముక్క మీద, ఒకేసారి తయారైన రెండు ట్రాన్సిస్టర్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఏ ఒక్కదాని గుణమూ ముందుగా కచ్చితంగా చెప్పలేకపోయినా రెండూ ఒకేలా ఉంటాయని ధీమాగా చెప్పవచ్చు. 1960ల మధ్యలో ఇదే ఫెయిర్‌చైల్డ్‌లో పనిచేసిన బాబ్ విడ్లార్ ఈ పోలికనే పునాదిగా చేసుకుని తొలి తరం ఆప్ ఆంప్‌లను రూపొందించాడు.

సర్క్యూట్‌ను కళ్లముందుకు తెచ్చుకుందాం. రెండు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్లనూ నేలకు, అంటే సున్నా వోల్టులకు కలపాలి. రెండింటి బేస్‌లనూ ఒకదానితో ఒకటి కలపాలి. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను దాని బేస్‌కే కలిపి, అక్కడి నుంచి ఒక రెసిస్టర్ ద్వారా 12 వోల్టులకు తీసుకెళ్లాలి. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను లోడ్‌కు ఇవ్వాలి. అంతే, అద్దం సిద్ధం. రెసిస్టర్‌లో పారేది మూల కరెంట్, లోడ్‌లో పారేది నకలు కరెంట్.

మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను బేస్‌కు ఎందుకు కలిపారన్నదే ఈ సర్క్యూట్ ప్రాణం. రెసిస్టర్ ఒక కరెంట్‌ను తోస్తోంది. కలెక్టర్ దాన్ని పూర్తిగా తీసుకోలేకపోతే మిగిలింది ఎటు పోవాలి? బేస్‌లోకే పోవాలి. అప్పుడు బేస్ వోల్టేజీ పెరుగుతుంది, దాంతో కలెక్టర్ ఇంకొంచెం ఎక్కువ తీసుకుంటుంది. కలెక్టర్ మరీ ఎక్కువ లాగితే బేస్‌కు అందేది తగ్గి వోల్టేజీ దిగుతుంది. ఇలా తనను తాను సర్దుకుంటూ, వచ్చిన కరెంట్‌కు సరిపోయే బేస్ వోల్టేజీ దగ్గర అది నిలబడుతుంది. ఆ వోల్టేజీ 0.65 కావచ్చు, 0.7 కావచ్చు, మనకు తెలియనక్కర్లేదు. రెండో ట్రాన్సిస్టర్ బేస్ కూడా అదే తీగ మీద ఉంది, కాబట్టి దానికీ అదే వోల్టేజీ అందుతుంది. రెండూ ఒకేలాంటివి, రెండింటికీ ఒకే వోల్టేజీ, కనుక రెండింటి కలెక్టర్ కరెంట్లూ సమానం. అంటే ఇక్కడ కరెంట్ వోల్టేజీగా మారి, ఆ వోల్టేజీ పక్కింటికి చేరి, మళ్లీ కరెంట్‌గా మారుతోంది.

ఒకేలాంటివి అన్న షరతు ఎంత కఠినమో ఒక అంకె చెబుతుంది. ట్రాన్సిస్టర్‌లో బేస్ వోల్టేజీ 18 మిల్లీ వోల్టులు పెరిగితే కలెక్టర్ కరెంట్ రెట్టింపవుతుంది. ఒక్క మిల్లీ వోల్టు తేడాకే నాలుగు శాతం మారుతుంది. బజారులో కొన్న రెండు విడి ట్రాన్సిస్టర్లు కొన్ని మిల్లీ వోల్టులు తేడాగా ఉండటం మామూలే. అందుకే విడి భాగాలతో కట్టిన అద్దంలో ప్రతిబింబం ఒక్కోసారి పది, ఇరవై శాతం తప్పుతుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. సరఫరా 12 వోల్టులు, రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లు. బేస్ దగ్గర సుమారు 0.7 వోల్టులు ఉంటాయి కాబట్టి రెసిస్టర్ మీద పడేది 11.3 వోల్టులు.

I_ref = (12 − 0.7) / 10k = 1.13 mA

బేస్ వోల్టేజీ నిజానికి 0.65 అయినా సమాధానం 1.135 మాత్రమే అవుతుంది, అర శాతం కూడా మారదు. సరఫరా వోల్టేజీ 0.7 కంటే చాలా ఎక్కువగా ఉన్నంత కాలం ఈ అంచనా చాలు. అదే 1.5 వోల్టుల బ్యాటరీ మీద కడితే మాత్రం మిగిలేది 0.8 వోల్టులే కనుక, బేస్ వోల్టేజీలో వచ్చే చిన్న తేడా కూడా కరెంట్‌ను గట్టిగానే కదిలిస్తుంది.

అయితే నకలు కరెంట్ కూడా 1.13 అని రాసేయవచ్చా? చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. ట్రాన్సిస్టర్ పనిచేయాలంటే దాని బేస్‌లోకి కొంత కరెంట్ పోవాలి. కలెక్టర్ కరెంట్‌కు బేస్ కరెంట్‌కు మధ్య ఉన్న నిష్పత్తిని బీటా అంటారు. బీటా 100 అయితే కలెక్టర్‌లో 100 వంతులు పారినప్పుడు బేస్‌లో ఒక వంతు పారుతుంది. ఆ ఒక వంతు ఎక్కడి నుంచి వస్తోంది అన్నదే అసలు ప్రశ్న.

సర్క్యూట్‌లో బేస్‌లను కలిపిన తీగ మీద వేలు పెట్టి చూడండి. దానికి కరెంట్ అందే దారి ఒక్కటే, మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ ఉన్న బిందువు. కాబట్టి మొదటి దాని బేస్‌కూ, రెండో దాని బేస్‌కూ కలిపి రెండు బేస్ కరెంట్లు మూల కరెంట్ నుంచే తెగుతాయి. రైతు తెచ్చిన బస్తాలో తరుగు తీసి మిగిలిన దానికే లెక్క కట్టినట్టు, 1.13లో రెండు బేస్‌ల తరుగు పోగా మిగిలినదే మొదటి కలెక్టర్‌కు దక్కుతుంది. రెండో కలెక్టర్ పోల్చుకునేది ఈ మిగిలిన దానితోనే గానీ, 1.13తో కాదు.

ఒక కలెక్టర్ కరెంట్‌ను I_C అనుకుంటే ఒక్కో బేస్ కరెంట్ I_C/β. ఆ బిందువు దగ్గర వచ్చిందీ పోయిందీ సమానం కావాలి.

I_ref = I_C + 2·I_C/β

I_out = I_C = I_ref / (1 + 2/β)

బీటా 100 పెడితే 1.13ను 1.02తో భాగించాలి. వచ్చేది 1.108 మిల్లీ యాంపియర్లు. సరిచూసుకోవడం తేలికే. ఒక్కో బేస్ కరెంట్ 0.011, రెండూ కలిపి 0.022, దానికి 1.108 కలిపితే 1.13 వచ్చింది. తేడా రెండు శాతం. బీటా 200 అయితే ఒక శాతం, 50 అయితే నాలుగు శాతానికి కాస్త తక్కువ.

ఇక్కడ రెండు అన్న అంకెను పట్టుకోవాలి. ఒక్క బేస్ కరెంట్‌నే తీసేయడం పరీక్ష పేపర్లలో తరచూ కనిపించే పొరపాటు. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్, బేస్ కలిసిపోయి ఉన్నాయి కదా, దాని బేస్ కరెంట్ ఎటూ అందులోకే పోతోంది కదా, ఇక నష్టం ఏముంది అన్న ఆలోచన దానికి మూలం. నిజమే, ఆ కరెంట్ మొదటి ట్రాన్సిస్టర్‌లోకే పోతోంది. కానీ అది పోయేది బేస్ గుండా. రెండో ట్రాన్సిస్టర్ మన లోడ్‌కు ఇచ్చేది తన కలెక్టర్ కరెంట్‌ను మాత్రమే. మొదటి దాని ఎమిటర్ నుంచి దిగేదంతా నకలు కాదు, కలెక్టర్ వాటా మాత్రమే నకలవుతుంది. అందుకే రెండు బేస్‌లూ లెక్కలోకి వస్తాయి.

ఇదే తర్కంతో ఒకే మూలం నుంచి ఎక్కువ నకళ్లు తీస్తే ఏమవుతుందో చూడండి. ఐదు ట్రాన్సిస్టర్ల బేస్‌లను అదే తీగకు కలిపి ఐదు నకళ్లు తీస్తే, మొదటి దానితో కలిపి ఆరు బేస్‌లు ఆ మూలం మీదే బతకాలి. భాగించవలసింది 1 + 6/β తో. బీటా 100కు ఒక్కో నకలు 1.066కు దిగుతుంది, అంటే తరుగు ఆరు శాతం దాకా వచ్చింది. ఐదో దాన్ని కలిపితే దానికొక్కదానికే తగ్గదు, మిగిలిన నాలుగింటిలోనూ తగ్గుతుంది. 741 నాటి చిప్‌లలో పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు ఈ విషయంలో మరీ బలహీనం. ఎన్‌పీఎన్ కోసం కుదిర్చిన తయారీ పద్ధతిలోనే వాటినీ అడ్డంగా ఇరికించి చేసేవారు కనుక వాటి బీటా తక్కువగా ఉండేది. పాఠ్యపుస్తకాల్లో 741 పీఎన్‌పీలకు 50 అని తీసుకుంటారు. ఇంకా తగ్గి 20 అయితే రెండు ట్రాన్సిస్టర్ల సాదా అద్దంలోనే తొమ్మిది శాతం పోతుంది.

ఈ తరుగును బల్ల మీద కొలిచి చూడాలనుకుంటే, అసలు చిక్కు దాన్ని మిగతా తప్పుల నుంచి విడదీయడంలో ఉంది. బజారులో దొరికే బీసీ547 ట్రాన్సిస్టర్లు రెండు, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు చాలు. ఒక రెసిస్టర్ మూలం వైపు, రెండోది లోడ్‌గా. రెండూ మీటర్‌తో కొలిచి విలువ కలిసేవి ఎంచుకోవాలి. లోడ్‌కు కూడా 10 కిలో ఓమ్‌లే పెట్టడానికి కారణం ఉంది. 1.1 మిల్లీ యాంపియర్లకు దాని మీద 11 వోల్టులు పడి, రెండో కలెక్టర్ దగ్గర వోల్టు లోపే మిగులుతుంది. మొదటి కలెక్టర్ 0.7 దగ్గర ఉంది. రెండు కలెక్టర్లూ దాదాపు ఒకే వోల్టేజీ దగ్గర ఉండాలన్నదే ఉద్దేశం. ఎందుకంటే ట్రాన్సిస్టర్ కలెక్టర్ వోల్టేజీ పెరిగితే, బేస్ వోల్టేజీ మారకపోయినా, కరెంట్ కొద్దికొద్దిగా పెరుగుతుంది. దీన్ని ఎర్లీ ప్రభావం అంటారు. జేమ్స్ ఎర్లీ అనే శాస్త్రవేత్త పేరు అది. మామూలు ట్రాన్సిస్టర్‌లో ఒక్కో వోల్టుకు ఒక శాతం దరిదాపు పెరుగుదల ఉంటుంది. లోడ్ చిన్నదై కలెక్టర్ పది వోల్టుల దగ్గర ఉంటే నకలు తొమ్మిది శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది, రెండు శాతం తరుగు దాని కింద కప్పబడిపోతుంది.

దీన్నుంచి ఒక మంచి ఆనవాలు దొరుకుతుంది. బేస్ కరెంట్ ఎప్పుడూ నకలును తగ్గిస్తుందే గానీ పెంచదు. నకలు మూలం కంటే ఎక్కువ కనిపించిందంటే వేరే కారణం అక్కడ పనిచేస్తోందని అర్థం. లోడ్ మార్చి చూసినప్పుడు కరెంట్ కూడా మెల్లగా మారితే ఎర్లీ ప్రభావం. రెండో ట్రాన్సిస్టర్‌ను రెండు వేళ్లతో పట్టుకోగానే అంకె ఎగబాకితే వేడి. ట్రాన్సిస్టర్ ఒక డిగ్రీ వేడెక్కితే అదే కరెంట్‌కు కావలసిన బేస్ వోల్టేజీ రెండు మిల్లీ వోల్టులు తగ్గుతుంది. రెండింటికీ వోల్టేజీ ఒకటే కనుక, ఆ డిగ్రీ వేడెక్కినది ఎనిమిది శాతం ఎక్కువ కరెంట్ లాగుతుంది. అందుకే రెండు ట్రాన్సిస్టర్ల చదునైన ముఖాలను ఎదురెదురుగా పెట్టి అంటించేయడం మంచిది. పట్టుకుని చూశాక చల్లారేదాకా ఆగి మరీ కొలవాలి.

ఇవన్నీ సర్దాక మిగిలేది రెండు ట్రాన్సిస్టర్ల మధ్య సహజంగా ఉన్న తేడా. దాన్ని వదిలించుకోవడానికి ఒక చక్కటి కిటుకు ఉంది. ఒకసారి కొలిచి, రెండు ట్రాన్సిస్టర్ల స్థానాలు మార్చి మళ్లీ కొలవండి. మొదటిసారి 1.15, మార్చాక 1.07 వచ్చిందనుకుందాం. పోలికలోని తేడా ఒకసారి నకలును పెంచితే రెండోసారి అంతే తగ్గిస్తుంది. బేస్ తరుగు మాత్రం రెండుసార్లూ ఒకే దిశలో ఉంటుంది. కనుక రెండింటి సగటు తీస్తే తేడా కొట్టుకుపోయి తరుగు మిగులుతుంది. సగటు 1.11. మూలం 1.13. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే 1.018. అంటే 2/β అనేది 0.018, బీటా 110 దరిదాపు. బీసీ547లో ఏ అక్షరం ఉన్న రకానికి బీటా 110 నుంచి 220 దాకా ఉంటుందని తయారీదారులు చెబుతారు, కాబట్టి ఇది నమ్మదగిన ఫలితమే. బీ, సీ రకాల బీటా ఇంకా ఎక్కువ. వాటితో చేస్తే తరుగు ఒక శాతం లోపే ఉండి మామూలు మీటర్‌కు దొరకదు. కరెంట్‌ను నేరుగా కొలవకుండా రెండు రెసిస్టర్ల మీద వోల్టేజీని ఒకే మీటర్‌తో కొలిచి పోల్చడం మేలు. అప్పుడు మీటర్‌లో ఉన్న తప్పు రెండు వైపులా సమానంగా పడి నిష్పత్తిలో పోతుంది.

బేస్ తరుగు శాతాల్లో ఉన్నంతవరకు ఓర్చుకోవచ్చు. ఒక్క సందర్భంలో మాత్రం అది హద్దు మీరుతుంది, అది జరిగినప్పుడు కారణం వెతకడం కష్టం. ఒకే తీగ మీద అనేక నకళ్లున్న సర్క్యూట్‌లో ఒక నకలు లోడ్ ఊడిపోయిందనుకోండి. ఆ కలెక్టర్‌కు కరెంట్ దొరకదు. అయినా దాని బేస్ వోల్టేజీ తీగ మీద నిలిచే ఉంది. ఆ ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుని, ఇంజినీర్లు శాచురేషన్ అనే స్థితికి పోతుంది. అక్కడ బీటా లెక్క పనిచేయదు, ఎందుకంటే బేస్ నుంచి కలెక్టర్ వైపు ఉన్న సంధి కూడా తెరుచుకుని, బేస్ కరెంట్ మామూలుకంటే పది, ఇరవై రెట్లు పెరగవచ్చు. ఆ అదనం అంతా మూల కరెంట్ నుంచే పోవాలి. దాంతో ఏ తప్పూ లేని మిగతా నకళ్లన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. లోపం ఒకచోట, లక్షణం ఇంకోచోట. లోడ్ రెసిస్టర్ మరీ పెద్దదైనా ఇదే జరుగుతుంది. మన ఉదాహరణలో 1.108 మిల్లీ యాంపియర్లను 12 వోల్టుల నుంచి లాగాలంటే లోడ్ పదిన్నర కిలో ఓమ్‌లు దాటకూడదు. 15 కిలో ఓమ్‌లు పెడితే ఎంత చేసినా 0.8 మిల్లీ యాంపియర్లు దాటదు, ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లో పడుతుంది. ఇలాంటి అనుమానం వస్తే ఒక్కో కలెక్టర్ వోల్టేజీని చూసుకుంటూ పోవాలి. 0.2 వోల్టులో, అంతకంటే తక్కువో కనిపించిన చోటే దొంగ ఉన్నాడు.

తరుగును తగ్గించే మార్గాల్లో తేలికైనది మూడో ట్రాన్సిస్టర్‌ను సాయం పెట్టడం. మొదటి దాని కలెక్టర్‌ను బేస్‌కు నేరుగా కలపకుండా, మూడో ట్రాన్సిస్టర్ బేస్‌ను ఆ కలెక్టర్‌కు, ఎమిటర్‌ను బేస్‌ల తీగకు, కలెక్టర్‌ను సరఫరాకు కలుపుతారు. అప్పుడు బేస్‌లకు కావలసిన కరెంట్ సరఫరా నుంచి వస్తుంది, మూలం మీద పడేది మూడో దాని బేస్ కరెంట్ మాత్రమే. బీటా 100కు రెండు శాతం తరుగు పదివేలలో రెండు వంతులకు దిగుతుంది. ఐదు నకళ్లకు కూడా పదివేలలో ఆరు వంతులే. దీనికి చెల్లించే మూల్యం, మూలం బిందువు 0.7 నుంచి 1.4 వోల్టులకు ఎక్కడం. కాబట్టి అదే 10 కిలో ఓమ్‌లతో మూల కరెంట్ 1.06 అవుతుంది. దాన్ని మరిచిపోయి పాత 1.13తో పోలిస్తే, మెరుగుపరచిన సర్క్యూట్ పాతదానికంటే అధ్వాన్నంగా ఉందనిపిస్తుంది.

రెండో మార్గం విల్సన్ అద్దం. 1967లో టెక్‌ట్రానిక్స్ కంపెనీలో జార్జ్ విల్సన్, బ్యారీ గిల్బర్ట్ అనే ఇద్దరు ఇంజినీర్లు మూడే ట్రాన్సిస్టర్లతో మెరుగైన అద్దం ఎవరు కడతారో చూద్దామని ఒక రాత్రి గడువుతో పంతం వేసుకున్నారు. నెగ్గింది విల్సన్. ఆయన సర్క్యూట్‌లో బేస్ కరెంట్ ఒకచోట మూలం నుంచి తెగితే, ఇంకోచోట నకలు నుంచి కూడా దాదాపు అంతే తెగుతుంది. రెండు వైపులా తరుగు సమానం కావడంతో అద్దం నిష్పత్తి చెడదు. మిగిలే తేడా 2/(β² + 2β), బీటా 100కు పదివేలలో రెండు. పైగా నకలు కలెక్టర్ వోల్టేజీ ఎంత మారినా లోపలి జంట మీద ఆ ప్రభావం పడకుండా మూడో ట్రాన్సిస్టర్ అడ్డం నిలబడుతుంది, కాబట్టి ఎర్లీ ప్రభావం కూడా చాలావరకు కట్టడి అవుతుంది. కొంచెం మిగులుతుంది. జంటలో ఒకదాని కలెక్టర్ 1.4 వోల్టుల దగ్గర, ఇంకోదాని కలెక్టర్ 0.7 దగ్గర ఉంటాయి గనుక, ఆ 0.7 వోల్టుల వ్యత్యాసం అర శాతం పైచిలుకు తేడా తెస్తుంది. బేస్ తరుగును పదివేలలో రెండుకు దించాక ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. 1.4 వోల్టుల దగ్గరున్న ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు పైన, కలెక్టర్ బేస్ కలిపేసిన నాలుగో ట్రాన్సిస్టర్‌ను వరసగా పెడితే అక్కడ 0.7 వోల్టులు ఖర్చయి, జంటలోని రెండు కలెక్టర్లూ ఒకే మట్టానికి వస్తాయి.